శనివారం గీత

అలివేలుకు కోపం తెప్పించడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. బస్సు స్టాపు దాటాక ఆగినా, అడిగిన పప్పు ఒకటైతే కొట్టువాడు పొట్లం కట్టింది మరొకటైనా, ఆమె గొంతు లేచేది. కిషన్‌బాగ్‌లో వాళ్లుండే వీధిలో అందరికీ ఆ గొంతు తెలుసు. కానీ ఆ ఏడు వానాకాలంలో ఆమె కోపమంతా చిన్న ఆకుపచ్చ గుర్తు మీద నిలబడింది. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద, ప్రతి ఉదయం రిఫ్రెష్ ముగిశాక, వరుస చివర కనిపించే టిక్కు గుర్తు అది.

చాంద్రాయణగుట్ట కూడలికి కొంచెం లోపలగా ఉన్న మందుల హోల్‌సేల్ కంపెనీలో ఆమెది రిపోర్టుల పని. కింద గోడౌను, పైన ఆఫీసు. వెంకటనారాయణ సేటు తండ్రి కాలంలో పురానాపూల్ దగ్గర ఒక్క షట్టరు కొట్టుగా మొదలైన వ్యాపారం ఇప్పుడు మూడు గోడౌన్లయింది. పాతబస్తీలోని మందుల షాపులకూ, చిన్న క్లినిక్కులకూ ఇక్కడినుంచే వ్యాన్లు వెళ్తాయి. ఎంసీఏ చదివిన అలివేలు పదకొండేళ్ల కిందట ఇక్కడ చేరింది. ఏ గోడౌన్లో ఏ మందు ఎంత ఉందో చూపే రిపోర్టును మొదట కట్టింది ఆమే.

ఆ రిపోర్టు పని తీరు ఇది. రాత్రి వచ్చిన సరుకునూ పొద్దున బయటికి తీసిన సరుకునూ గోడౌన్ల వాళ్లు ఎనిమిది ముప్పావుకల్లా ఎంట్రీ చేసి ముగిస్తారు. తొమ్మిదింటికి రిఫ్రెష్ మొదలై, ఆ లెక్కలన్నీ లాక్కుని రిపోర్టును కొత్తగా నింపుతుంది. పదింటికి ఇంకో ప్రోగ్రాం తనంతట తానే లేచి, రిపోర్టులో ఉన్న అంకెలను బట్టి ఏ వ్యాను ఏ మందు ఎక్కడికి తీసుకెళ్లాలో రూట్ షీట్లు తయారు చేస్తుంది. రిఫ్రెష్ అయిందా లేదా అని అది అడగదు. పదయిందా, అంతే. రిఫ్రెష్ ఇంకా నడుస్తూ ఉంటే రిపోర్టులో నిన్నటి అంకెలే ఉంటాయి. పూర్తయ్యేదాకా కొత్తవి ఒక్కటీ బయటికి కనబడవు. అప్పుడు షీట్లు కూడా నిన్నటి సరుకుతోనే వస్తాయి. చూడటానికి మాత్రం శుభ్రంగా, ఇవాళ్టి తేదీతో ఉంటాయి.

అంటే తొమ్మిదికీ పదికీ మధ్య ఉన్న గంటే ఆ రిఫ్రెష్‌కు ఇచ్చిన గడువు. ముందుకు జరపడానికి లేదు, ఎంట్రీలు అప్పటికి ముగియవు. వెనక్కి జరపడానికీ లేదు, మధ్యాహ్నానికల్లా క్లినిక్కులు మూస్తారు.

రిఫ్రెష్ ఎంతసేపు పడుతోందో అలివేలు రాసుకోవడం మొదలుపెట్టింది ఎండాకాలం రాకముందే. రాసుకోక తప్పదు. ఆ సాఫ్ట్‌వేర్ ఈమధ్యవి కొన్ని మాత్రమే దాచుకుని, పాతవి రాల్చేస్తుంది. ఇవాళ నలభై నిమిషాలు పట్టిందంటే అది ఎక్కువో తక్కువో చెప్పడానికి రెండు నెలల కిందటి లెక్క పక్కన ఉండాలి. అందుకే రోజూ మొదలైన వేళ, ముగిసిన వేళ ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించేది. సరుకు ఎక్కువగా కదిలే శనివారాలకు విడిగా చుక్కలు పెట్టి, గీతగా కలిపేది.

ఇంట్లో భర్త వామన్‌రావు దీన్ని చూసి నవ్వాడు. అతనిది గుళ్లో ఆఫీసు పని, నెమ్మదస్తుడు.

"గ్యాస్ బండ లెక్క మల్ల మొదలైనట్టుంది" అన్నాడు.

"నవ్వు, నవ్వు. గా లెక్క లేకుంటే ఇల్లు కాలిపోతుండె."

అది నిజమే. కొన్నేళ్ల కిందట వాళ్ల ఇంట్లో బండ ఒక్కోసారి రెండు మూడు రోజులు ముందే అయిపోతూ వచ్చింది. వంట అదే, మనుషులూ అంతే. పైపు చూపించమని అలివేలు అంటే, "మంట నీలంగనే ఉంది గదా, ఇంకేం ఫికర్" అన్నాడు వామన్‌రావు. ఆమె ఊరుకోలేదు. మెకానిక్కు సబ్బు నురగ రాస్తే పైపు మడత దగ్గర బుడగలు లేచాయి. ఆ సంగతి గుర్తు చేస్తే ఇప్పటికీ అతను పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు.

రిఫ్రెష్‌కు పట్టే సమయం కూడా మొదట అట్లాగే కొంచెం కొంచెంగా పెరిగింది. శనివారాలు ఇరవై ఆరు నిమిషాలు పట్టేది ఇరవై ఏడయింది, ఇరవై ఎనిమిదయింది. సరుకు పెరిగేకొద్దీ అది మామూలే, దానికి అలివేలు కంగారు పడలేదు. మే నెలలో ఒక శనివారం అది ఒక్కసారిగా నలభై ఒకటికి లేచింది. ఆ వారమే మనీష్ కొత్త పేజీ పెట్టాడు.

మనీష్ సేటుకు మేనల్లుడు. పుణెలో ఎంబీఏ చేసి వచ్చాడు. వచ్చిన మొదటి నెలలోనే రిపోర్టులు మార్చే అధికారం తన దగ్గరికి తీసుకుని, అలివేలుకు చూడటం మాత్రం మిగిల్చాడు. సేటు గదిలో గోడకు పెద్ద టీవీ పెట్టించి, మూడేళ్లుగా ప్రతి మందు ప్రతి బ్యాచి ఎక్కడికి పోయి ఎక్కడికి వచ్చిందో రంగురంగుల గీతలతో కనిపించేట్టు చేశాడు. సేటుకు అది మస్తు నచ్చింది. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. ఆ గీతల కోసం మూడేళ్ల లెక్కంతా ప్రతి ఉదయం మొదటినుంచి చివరిదాకా మళ్లీ లాగాలన్న సంగతి టీవీలో కనబడదు. అది కూడా ఆ తొమ్మిది గంటల రిఫ్రెష్‌లోనే.

అలివేలు వెళ్లి చెప్పింది. "మనీష్ సార్, మీ పేజీ మంచిగనే ఉంది. దాన్ని పొద్దటి రిఫ్రెష్‌లకెల్లి తీసి మధ్యాహ్నం వేరేగ పెట్టున్రి. సేటుగారు దాన్ని చూసేదే భోజనమైనంక."

"ఫెయిల్ అయిందా మేడం?"

"కాలే."

"మరి?"

"ఫెయిల్ గాకముందే చెప్తున్న."

అతను ల్యాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు. టిక్కులు, టిక్కులు, టిక్కులు. పైనుంచి కిందికి పచ్చగా. "ఒక్క ఎర్రది చూపించండి, ఇవాళే మారుస్తా" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమె ఒళ్లు మండించింది. ముగిసిందన్నదానికి తప్ప ఎప్పుడు ముగిసిందన్నదానికి ఆ టిక్కులో చోటు లేదు. పదీ పదికి ముగిసినా అది పచ్చగానే ఉంటుంది. వ్యాన్లు తప్పు సరుకుతో వెళ్లిపోయాక కూడా పచ్చగానే ఉంటుంది. ఈ ముక్క చెప్పడానికి ఆమె నోరు తెరిచేసరికి అతను ఫోనెత్తాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఆఫీసు గ్రూపులో ఆమె మెసేజ్ పెట్టడం మొదలైంది. మొదటిది పొడుగ్గానే ఉంది, రెండోది ఇంకా పొడుగు. అందులో లెక్కా ఉండేది, కోపమూ ఉండేది, మొదట తను కట్టిన రిపోర్టు ఎంత తేలిగ్గా నడిచేదో అదీ ఉండేది. ఒకరిద్దరు దండం బొమ్మ పెట్టేవాళ్లు. మనీష్ బొటనవేలి బొమ్మ పెట్టేవాడు.

జూన్ దాటి జ్వరాల కాలం వచ్చింది. సరుకు రాకపోకలు పెరిగాయి. శనివారం నలభై ఏడు, తర్వాత శనివారం నలభై తొమ్మిది. అలివేలు ఇక ఆగలేక నేరుగా సేటు గదికి వెళ్లింది. మనీష్ అక్కడే ఉన్నాడు, ఆమె వస్తుందని తెలిసినట్టే.

"కూసో అమ్మా" అన్నాడు వెంకటనారాయణ. డెబ్బయ్యేళ్ల మనిషి, మాట మెత్తన. "ఏందో మనీష్‌కూ నీకూ లొల్లి అంటున్రు."

"లొల్లి కాదు సార్. పొద్దటి రిఫ్రెష్ శనివారం శనివారం పెరుగుతుంది. ఇట్లనే పోతే రెండు వారాలల్ల పది దాటుతది. దాటిన దినం వ్యాన్లు నిన్నటి లెక్కతోని పోతయ్."

మనీష్ గొంతు సవరించుకున్నాడు. "మామా, నేను కూడా లెక్క తీసిన. ఈ వారం మొత్తం సగటు ముప్పై ఏడు నిమిషాలు. గడువు అరవై. ఇంకా ఇరవై మూడు నిమిషాలు చేతిలో ఉంది. మేడం శనివారం ఒక్కటే పట్టుకుని భయపెడుతున్నారు."

"సగటుల శుక్రవారం కలిపిన్రా?" అంది అలివేలు.

"వారం అంటే ఏడు రోజులు కదా మేడం."

"శుక్రవారం ఈ దిక్కు సగం షాపులు షట్టరు తెర్వయ్. ఎంట్రీలుండయ్. ఇరవై నాలుగు నిమిషాలల్ల అయిపోతది. ఆదివారం అంతకన్న తక్కువ. గీ రెండింటిని తెచ్చి శనివారంల కలిపితే శనివారం సన్నగైతదా? శుక్రవారం బందున్న షాపులన్నీ శనివారమే గదా ఆర్డర్లు పెట్టేది!" గొంతు లేచింది. తగ్గించాలనుకుంది గానీ తగ్గలేదు. "శనివారాన్ని శనివారంతోనే చూడాలె సార్. ఇంకోటి, గడువు అరవై కాదు. తొమ్మిదింటికి పెట్టినా తొమ్మిదికే మొదలుగాదు, లైన్ల ఉండి నాలుగైదు నిమిషాలు ఆలస్యంగ మొదలైతది. మనకున్నది యాభై అయిదే. పైగా బోనాల ముందు శనివారం వస్తుంది. ఆ దినం గోడౌన్లల్ల తొమ్మిదైనా ఎంట్రీలు కొడ్తనే ఉంటరు. వాళ్లు కొడ్తుంటే ఇది లాగాలంటే ఇంకా నెమ్మదైతది."

సేటు ఆమెనూ మేనల్లుణ్నీ చూశాడు. తర్వాత టీవీ చూశాడు. దాంట్లో గీతలు మెరుస్తున్నాయి.

"ఇప్పటిదాంక ఒక్కసారి గూడ దాటలే గదా?"

"దాటలే."

"అయితే రెండు వారాలు చూద్దాం అమ్మా."

ఆమె విసవిసా మెట్లు దిగి వచ్చింది. దాటడానికి రెండు వారాలుందని చెప్తే రెండు వారాలు చూద్దామంటాడు! వినలేదా? విన్నాడు. విని, చెప్పిందాన్నే జవాబుగా తిప్పి ఇచ్చాడు. చూడటమంటే ఏం చూడటం? ఆ దినం దాటితే మునిగేది టీవీ పెట్టినవాడా, చూద్దామన్నవాడా?

మునిగేది అమరనాథ్. అది ఆమెకు ఖాయంగా తెలుసు.

అమరనాథ్ డిస్పాచ్ ఇన్‌చార్జి. పదింటికి వచ్చిన షీట్లు ప్రింటు తీసి, సంతకం పెట్టి, డ్రైవర్లకిచ్చేది అతనే. షీటు తప్పయితే కింద ఉన్న సంతకం అతనిది. పోయిన చలికాలంలో ఒకసారి అతను నిజంగానే తప్పు చేశాడు, ముందురోజు ఫైలు తెరిచి ప్రింటిచ్చాడు. ఒక క్లినిక్కుకు పోవలసిన సెలైన్లు ఇంకో దిక్కుకు పోయాయి. మనీష్ మెమో ఇచ్చాడు. ఇంకోసారి జరిగితే ఇంటికే అని అందులో ఉంది. ఇప్పుడు మళ్లీ నిన్నటి సరుకుతో షీటు బయటికి వెళ్తే, అది రిఫ్రెష్ తప్పు, నాది కాదు అంటే ఎవరు నమ్ముతారు? అదే మనిషి, అదే తప్పు అంటారు.

మధ్యాహ్నం గోడౌను మెట్ల మీద అతను టిఫిన్ డబ్బా విప్పుతుంటే అలివేలు వెళ్లి పక్కన కూర్చుంది. అంతా చెప్పింది. అతను రొట్టె తుంచడం ఆపేశాడు.

"అక్కా, నువ్వు ప్రతి శనివారం పెడుతున్న మెసేజు ఇదేనా?"

"అవును. సదవలేదా నువ్వు?"

"ఎవరు సదువుతరక్కా! తెరుస్తే బారెడుంటది. మొదటి లైన్లనే తిట్లు. నేను నువ్వు మనీష్ సార్‌ను తిడుతున్నవనుకున్న, గింతే. గిది నా నౌకరి మీదికొచ్చే ముచ్చటని ఎక్కడ రాసినవ్ చెప్పు?"

అలివేలు ఫోను తీసి తన మెసేజే చూసుకుంది. పై నుంచి కిందికి జరుపుతూ పోయింది. అతని పేరు లేదు. పదింటికి ముందు ఏం చేయాలో లేదు. శనివారం నిమిషాలు ఎక్కడో పదిహేనో వరసలో ఉన్నాయి.

"సరే. ఇప్పుడు చెప్తున్న, విను" అంది. "రిపోర్టు తెర మీద కుడి చేతి మూల చిన్నగ తేదీ, టైము ఉంటది. లెక్క ఎప్పటిదో అది చెప్తది. షీటు మీద అది రాదు, షీటు మీదిది ప్రింటు తేదీ. అందుకే షీటు చూసి నమ్మకు. సంతకం పెట్టే ముందు ఆ మూల చూడు. నిన్నటి తేదీ ఉంటే సంతకం పెట్టకు. రిఫ్రెష్ అయినంక షీటు మల్ల తియ్యాలె. నీ కంప్యూటర్ల బటనుంది గదా, నొక్కితే మల్ల తయారైతది."

"వ్యాన్లాపాలెనా?" అతను నవ్వాడు, ఆ నవ్వులో నవ్వు లేదు. "తప్పు షీటిస్తే ఇంటికి పంపుతరు. వ్యాన్లాపితే ఊకుంటరా? గా లొల్లి గూడ నా మీదనే గదా?"

"నా పేరు చెప్పు. అలివేలు ఆపమన్నది అను."

"నీ పేరు చెప్తే నువ్వొస్తవా కిందికి? పైన కూసొని మెసేజు పెడ్తవా?"

"వస్త."

అతను ఆమె మొహంలోకి చూసి, డబ్బా మూత పెట్టేశాడు. "గా మూల ఎక్కడుందో ఒక్కసారి చూపియ్యి పా."

తర్వాత శనివారం యాభై రెండు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా మొదలై, పదికి నాలుగు నిమిషాల ముందు ముగిసింది. మనీష్ గ్రూపులో టిక్కుల బొమ్మ పెట్టి, "అంతా సవ్యం" అని రాశాడు. అలివేలు జవాబు టైపు చేసింది, చేసినంతా చెరిపేసింది. చెరిపినందుకు తనమీద తనకే మంట.

బోనాల ముందు శనివారం పొద్దున గోడౌనులో అడుగు పెట్టడానికి సందు లేదు. పండుగ రెండు రోజులూ కొట్లుండవని షాపుల వాళ్లంతా ముందే సరుకు అడిగారు. కూడలి దగ్గర ట్రాఫిక్ మళ్లిస్తారని డ్రైవర్లు తొందరపడుతున్నారు. రిఫ్రెష్ తొమ్మిదీ నాలుగుకు మొదలైంది. తొమ్మిదీ నలభైకి అలివేలు తన గడియారం చూడటం మానేసింది. యాభై అయిదుకు కిందికి దిగింది.

పదింటికి ప్రింటరు షీట్లు కక్కింది. శుభ్రంగా, ఇవాళ్టి తేదీతో. అమరనాథ్ వాటిని చేతిలోకి తీసుకోలేదు. తెర కుడి మూల చూశాడు. నిన్నటి తేదీ.

"ఖలీల్ భాయ్, ఠహరో" అన్నాడు.

ముందు వ్యాను డ్రైవరు ఖలీల్ అప్పటికే ఇంజను తిప్పాడు. "క్యా హువా? షీటు వచ్చింది గదా భాయ్!"

"వచ్చింది. నిన్నటిది."

"అరె, దానిమీద ఇవాళ తేదీ ఉంది, నాకు సదువొస్తది."

"తేదీ ఇవాళ్టిదే. సరుకు నిన్నటిది."

"యే క్యా బాత్ హై!" ఖలీల్ వెనక్కి తిరిగి మిగతా డ్రైవర్లకు చెప్పాడు. "సునో, ఇవాళ నిన్న అయిపోయింది!" నవ్వులు, హారన్లు. ఎవడో "పెండ్లాం అడిగితే గిదే చెప్త" అన్నాడు. ఆ గోలకు పైనుంచి మనీష్ దిగివచ్చాడు, వెనకాలే సేటు కూడా.

"ఏంటిది? ఎవరు ఆపమన్నారు?"

 అమరనాథ్ పలకకముందే అలివేలు ముందుకొచ్చింది. "నేను. రిఫ్రెష్ ఇంకా నడుస్తుంది."

"మేడం, మీకు ఆ అధికారం లేదు." తర్వాత అమరనాథ్ వైపు తిరిగాడు. "నీకు మెమో గుర్తుందా? సంతకం పెట్టి పంపించు."

"మెమో గుర్తుంది గనకనే పెడ్తలేను సార్" అన్నాడు అమరనాథ్. మాట నెమ్మదిగానే వచ్చింది గానీ కలం జేబులోంచి తీయలేదు.

అలివేలు గిర్రున మనీష్ వైపు తిరిగింది. రెండు నెలలు! శనివారం తర్వాత శనివారం, ఇదిగో ఇక్కడికి వస్తోంది, ఇదిగో ఇంత మిగిలింది అని చూపిస్తూ వస్తే వినని మనిషి, ఇప్పుడు అది వచ్చి ఎదురుగా నిలబడితే సంతకం పెట్టమంటాడు! సంతకం తనది కాదు గదా.

"అయితే ఆ షీటు మీద మీరు పెట్టున్రి సార్ సంతకం" అంది. "నిన్నటి సరుకు అని తెలిసి మీరు పెట్టున్రి. వ్యాన్లు ఇప్పుడే పోతయ్."

 ఖలీల్ ఇంజను ఆపేశాడు. మనీష్ షీటు అందుకున్నాడు, పైనుంచి కిందికి చూశాడు. జేబు తడుముకున్నాడు. కలం ఉంది. తీయలేదు.

"ఎంతసేపు పడ్తది?" అన్నాడు సేటు. అది ఎవరినడిగాడో తెలియకుండా అడిగాడు.

"నడుస్తున్నది ఇంక ఎంతసేపో చెప్పరాదు సార్. పోయిన వారంకన్న పది నిమిషాలు ఎక్కువ అనుకుంటున్న."

పదీ ఏడుకు తెర మూలలో తేదీ మారింది. అమరనాథ్ బటను నొక్కాడు. కొత్త షీట్లు వచ్చాయి. అతను పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సేటుకు చూపించాడు. కిషన్‌బాగ్ వ్యానుకు పాత షీటులో ఇన్సులిన్ ఈ గోడౌన్లోనే ఉన్నట్టుంది. నిజానికి రాత్రే అది పురానాపూల్ గోడౌనుకు పోయింది. పాత షీటుతో వెళ్లుంటే, ఇక్కడ అరలో లేని డబ్బాల కోసం వెతికి, చివరికి అవి లేకుండానే వ్యాను బయల్దేరేది. పండుగ రెండు రోజులూ ఆ క్లినిక్కుల్లో ఇన్సులిన్ ఉండేది కాదు.

సేటు రెండు కాగితాలూ చాలాసేపు చూశాడు. మనీష్ తన ఫోను చూసుకుని మెల్లగా అన్నాడు. "మామా, రిఫ్రెష్ సక్సెస్సే అయింది. టిక్కు పడింది."

"టిక్కు నేను ఇంట్ల గోడ మీద పెట్టుకుంట లే" అన్నాడు వెంకటనారాయణ. "టీవీల బొమ్మను పొద్దటి దాంట్లకెల్లి తీసెయ్. ఇయ్యాలనే."

వ్యాన్లు కదిలాయి. అమరనాథ్ సంతకాలు పెడుతుంటే అలివేలు పక్కనే నిలబడింది. అతను తలెత్తకుండా, "వచ్చినవక్కా" అన్నాడు. అంతే.

సోమవారం ఊరేగింపు పోయాక మంగళవారం గ్రూపులో మనీష్ మెసేజ్ వచ్చింది. డాటా రిఫ్రెష్‌ను ముందుచూపుతో సమీక్షించి, పెద్ద పేజీని మధ్యాహ్నానికి వేరుచేసి, వేగం పెంచామని రాశాడు. సహకరించిన అందరికీ కృతజ్ఞతలన్నాడు. ముందుచూపట! అలివేలు ఆ మాట ఇంట్లో మూడుసార్లు చదివి వినిపించింది, ప్రతిసారీ గొంతు ఒక మెట్టు ఎక్కింది. వామన్‌రావు పేపరు అడ్డం పెట్టుకోలేదు. "పైపు మార్చినోడు గూడ నీ పేరు చెప్పలేదు గదా" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, కోపం మాత్రం పోలేదు.

ఆమె మళ్లీ సేటు దగ్గరికి వెళ్లింది. తన పేరు కోసం కాదు. "అమరనాథ్ మెమో తీసెయ్యున్రి సార్. ఆ దినం అతను ఆపకుంటే ఏమయ్యేదో మీరే చూసిన్రు."

"అది అప్పటి తప్పు అమ్మా. అప్పుడు అతను చేసిన మాట నిజమే గదా. కాగితం ఉండనీ. మనిషి ఉన్నడు గదా."

నిజమే, మనిషి ఉన్నాడు. కాగితం కూడా ఉంది. తప్పు ఆపినవాడి ఫైల్లో మెమో, తప్పు తెచ్చినవాడి పేరు మీద మెసేజు.  ఆమె చేతిలో ఉన్నదల్లా శనివారం లెక్క.

తర్వాతి శనివారం గోడౌనులో కొత్త ఆచారం మొదలైంది. పదింటికి షీట్లు రాగానే అమరనాథ్ మూల చూసి, సంతకం పెట్టకముందే గట్టిగా, "ఇవాళ్టిదే!" అని అరిచాడు. అరవకపోతే ఖలీల్ ఊరుకునేలా లేడు. "భాయ్, ఇవాళ ఇవాళనేనా? లేక నిన్ననా?" అని వ్యానులోంచే అడిగాడు. డ్రైవర్లందరూ నవ్వారు. ఏ మెసేజు చదవనివాళ్లంతా ఇప్పుడు తెర మూల చూసేదాకా ఇంజను తిప్పడం లేదు.

పైన అలివేలు తన ఎక్సెల్ తెరిచింది. పెద్ద పేజీ పోయింది కాబట్టి ఇరవై ఎనిమిది ఉండాలని ఆమె లెక్క. వచ్చింది ముప్పై. వారం మధ్యలో ఎవరో ఏదో మార్చారా, లేక సరుకే పెరిగిందా? కనుక్కోవాలి. గీత మీద కొత్త చుక్క పెట్టి, గ్రూపు తెరిచింది. బారెడు మెసేజు వేళ్ల చివరిదాకా వచ్చింది. ఆపుకుని ఒక్క వరస రాసింది.

"శనివారం: ముప్పై నిమిషాలు. అనుకున్నదానికన్న రెండు ఎక్కువ. హద్దు యాభై అయిదు. అమరనాథ్, ఇవాళ ఫికర్ లేదు."

మనీష్ బొటనవేలు పెట్టాడు. ఆమె దాన్ని చూసి పళ్లు నూరింది. కుర్చీలోంచి లేచి, ఆ రెండు నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో అడగడానికి అతని గదివైపు నడిచింది.